క్రెడిట్ కార్డు ఛార్జీ కస్టమర్ నుంచి తీసుకోవాలంటే: లెక్క, బిల్లు, చెప్పే మాట

విజయవాడలో కంప్యూటర్లు అసెంబుల్ చేసి అమ్మే ఒక షాపు ఉందనుకుందాం. వెబ్‌సైటు ఉంది, వాట్సాప్‌లో కొటేషన్లు పంపుతుంది, డబ్బులు పేమెంట్ గేట్‌వే ద్వారా తీసుకుంటుంది. జీఎస్టీతో కలిపి 60,000 రూపాయలకు ఒక డెస్క్‌టాప్ అమ్మితే, ఖర్చులన్నీ పోను షాపుకు మూడు వేలు మిగులుతుంది. అదే కస్టమర్ క్రెడిట్ కార్డుతో కడితే, గేట్‌వే రేటు రెండు శాతం చొప్పున పన్నెండు వందలు అక్కడే పోతుంది. మూడు వేలలో పన్నెండు వందలంటే చిన్న మొత్తమేమీ కాదు.

ఇలాంటప్పుడు షాపులు సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేస్తాయి. అందరికీ ధర రెండు శాతం పెంచేస్తాయి. అప్పుడు యూపీఐతో కట్టినవాడు కూడా ఇంకొకరి కార్డు ఖర్చు మోస్తాడు. లేదంటే అంతా అయిపోయాక, చివరి స్క్రీన్ మీద ‘కన్వీనియన్స్ ఫీజు’ అని ఒక అంకె కలుపుతాయి. కస్టమర్ అప్పటికే అడ్రసు టైపు చేసి ఉంటాడు, ఓటీపీ కోసం ఫోను చేతిలో పట్టుకుని ఉంటాడు. తిట్టుకుంటూ కడతాడు, మళ్లీ రాడు.

క్రెడిట్ కార్డు ఎంచుకున్నవారి నుంచి మాత్రమే, ముందే చెప్పి, అసలు ఖర్చు మేరకే తీసుకోవడం మూడో దారి. అది న్యాయంగా ఉండాలంటే మూడు షరతులు ఉన్నాయి. అదనం లేకుండా కట్టే మార్గం కస్టమర్‌కు తప్పకుండా ఉండాలి. ఎంచుకునే ముందే అదనం ఎంతో రూపాయల్లో కనిపించాలి. వసూలు చేసేది గేట్‌వేకి పోయేదాన్ని దాటకూడదు. ఈ మూడింటిలో ఏది తప్పినా అది ఛార్జీ మళ్లించడం కాదు, ధర దాచడం. కింది పనులన్నీ ఈ షరతుల చుట్టూనే తిరుగుతాయి.

ముందుగా: దేని మీద అడగకూడదు

యూపీఐ మీద అడగకండి. రూపే డెబిట్ కార్డు మీద కూడా వద్దు. 2020 జనవరి 1 నుంచి ఈ రెండింటికీ ఎండీఆర్, అంటే వ్యాపారి నుంచి బ్యాంకు కోసుకునే శాతం, సున్నా. లేని ఖర్చును కస్టమర్ దగ్గర వసూలు చేయడానికి ఏ సాకూ కుదరదు. మీ గేట్‌వే తన సేవకు యూపీఐ మీద కూడా ఏదైనా ప్లాట్‌ఫాం ఫీజు తీసుకుంటుంటే, అది మీరు తీసుకుంటున్న సాఫ్ట్‌వేర్ సేవ ఖర్చు. కరెంటు బిల్లు, షాపు అద్దె పక్కన రాసుకోండి.

వీసా, మాస్టర్‌కార్డ్ డెబిట్ కార్డులకు ఎండీఆర్ ఉంటుంది గానీ, దాన్ని కస్టమర్ మీద వేయకూడదు. రిజర్వ్ బ్యాంకు 2017 డిసెంబరు 6న ఇచ్చిన ఆదేశాల్లో, తమ వ్యాపారులు డెబిట్ కార్డు ఎండీఆర్‌ను కస్టమర్లకు మళ్లించకుండా చూసుకోవాలని బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. ఆ ఆదేశాల్లోనే పరిమితులూ పెట్టింది. ఏడాది టర్నోవరు 20 లక్షల లోపు ఉన్న చిన్న వ్యాపారికి ఆన్‌లైన్‌లోనైనా మెషిన్ మీదైనా 0.40 శాతం, లావాదేవీకి 200 రూపాయలు మించకుండా. అంతకంటే పెద్దవారికి 0.90 శాతం, 1,000 రూపాయలు మించకుండా. కాబట్టి మన 60,000 డెస్క్‌టాప్‌కు డెబిట్ కార్డు వాడితే పెద్ద షాపుకైనా ఎండీఆర్ 540 రూపాయల దగ్గర ఆగుతుంది. అది షాపే భరించాలి.

ఇంకొకటి చాలామందికి తట్టదు. కస్టమర్ మీ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, యూపీఐ యాప్‌లో లింక్ చేసుకున్న రూపే క్రెడిట్ కార్డుతో కట్టవచ్చు. ఆయన దృష్టిలో అది యూపీఐనే. డబ్బులు వచ్చాక సెటిల్‌మెంట్ రిపోర్టులో చూస్తే తప్ప మీకు తెలియదు. అప్పుడు ఫోన్ చేసి అదనం అడగడం కుదరదు, కుదిరినా అడగకూడదు. ఆ కొద్ది ఖర్చును మీ లెక్కలోనే ఉంచుకోండి.

మిగిలేది మామూలు క్రెడిట్ కార్డు. ఈ మార్గదర్శి దాని గురించే.

ఒప్పందం తీసి చదవండి

క్రెడిట్ కార్డు మీద డెబిట్ కార్డులాంటి పరిమితి లేదు కాబట్టి ఇష్టమొచ్చినట్టు వేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. గేట్‌వేలో ఖాతా తెరిచేటప్పుడు ‘అంగీకరిస్తున్నాను’ అని టిక్ పెట్టిన ఒప్పందంలో సర్‌ఛార్జి, అంటే ఇలా ధర మీద వేసే అదనం, గురించి ఒక నిబంధన ఉండవచ్చు. కార్డు నెట్‌వర్కుల నిబంధనలు బ్యాంకుకు, అక్కడి నుంచి గేట్‌వేకి, అక్కడి నుంచి మీకు ఒప్పందాల రూపంలో దిగివస్తాయి. మీ బ్యాంకు వద్దన్నది మీరు చేస్తే, కస్టమర్ ఒక్క ఫిర్యాదు పెట్టినా బ్యాంకు మీకు నోటీసు ఇవ్వవచ్చు, ఖాతా నిలిపివేయవచ్చు.

అందుకని ఒప్పందం తెరిచి surcharge, convenience fee, additional charge అనే మాటల కోసం వెతకండి. తర్వాత గేట్‌వే సపోర్టుకు మెయిల్ పెట్టండి. ఫోన్‌లో అడిగి ఊరుకోకండి. మెయిల్‌లో నాలుగు ప్రశ్నలు చాలు. క్రెడిట్ కార్డు పేమెంటు మీద సర్‌ఛార్జి తీసుకోవడానికి మాకు అనుమతి ఉందా? ఎంతవరకు? మీ దగ్గర ఫీజును కస్టమర్ భరించే సెట్టింగ్ ఉంటే, దాన్ని క్రెడిట్ కార్డుకు మాత్రమే పెట్టవచ్చా? ఆ సెట్టింగ్ వాడితే ఆ ఫీజు ఎవరి బిల్లులో చూపాలి, జీఎస్టీ ఇన్‌వాయిస్ ఎవరి పేరు మీద వస్తుంది?

కొన్ని గేట్‌వేల డ్యాష్‌బోర్డులో ఫీజు ఎవరు భరించాలో మార్చుకునే సెట్టింగ్ నిజంగానే ఉంటుంది. చూడగానే ఆన్ చేయాలనిపిస్తుంది. కానీ అది అన్ని పద్ధతులకూ ఒకేసారి వర్తిస్తే డెబిట్ కార్డు వాడినవారి మీద కూడా పడుతుంది. మూడో ప్రశ్న అందుకే.

జవాబు ‘అనుమతి లేదు’ అని వస్తే నిరుత్సాహపడక్కర్లేదు. అదే ఫలితాన్ని తగ్గింపుతో సాధించవచ్చు. జాబితా ధర 61,200 అని పెట్టి, యూపీఐ, డెబిట్ కార్డు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌కు 1,200 తగ్గింపు ఇవ్వండి. సర్‌ఛార్జి మీద ఆంక్షలు పెట్టే నెట్‌వర్కులు సాధారణంగా వేరే పద్ధతికి ఇచ్చే తగ్గింపు జోలికి రావు. అమ్మేటప్పుడే బిల్లులో చూపిన తగ్గింపు మీద జీఎస్టీ కూడా పడదు. అయితే రెండు ధరలూ ఒకే సైజు అక్షరాల్లో, పక్కపక్కనే ఉండాలి. ప్రకటనలో 60,000 అని పెద్దగా వేసి, కార్డుకు 61,200 అని చుక్క గుర్తు పెట్టి కింద రాస్తే దాచిన సర్‌ఛార్జికీ దానికీ తేడా ఏముంది? నన్నడిగితే అనుమతి ఉన్నా సరే, కొత్తగా మొదలుపెట్టే షాపుకు ఈ తగ్గింపు పద్ధతే తేలిక. కస్టమర్‌కు వినసొంపుగా ఉంటుంది, గొడవలు తక్కువ.

ఇక్కడి నుంచి, అనుమతి వచ్చిందనుకుని సర్‌ఛార్జి దారిలోనే వెళ్దాం.

మీకు నిజంగా ఎంత పోతోంది

గేట్‌వే వెబ్‌సైటులో రాసిన రేటు చూసి నిర్ణయించకండి. డ్యాష్‌బోర్డు నుంచి గత మూడు నెలల సెటిల్‌మెంట్ రిపోర్టు దించుకోండి. అందులో మొత్తం, ఫీజు, ఫీజు మీద పన్ను, పేమెంటు పద్ధతి, కార్డు రకం వేర్వేరు నిలువు వరుసల్లో ఉంటాయి. క్రెడిట్ కార్డు వరుసలు మాత్రమే వడపోసి, ఫీజుల మొత్తాన్ని లావాదేవీల మొత్తంతో భాగించండి. పన్నును ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

మన షాపులో క్రెడిట్ కార్డు అమ్మకాలు 8,40,000 వచ్చాయనుకుందాం. అందులో 7,80,000 మామూలు కార్డుల మీద రెండు శాతం చొప్పున 15,600 పోయింది. 60,000 ఒక కంపెనీ కార్డు మీద వచ్చింది, దానికి మూడు శాతం, అంటే 1,800. మొత్తం ఫీజు 17,400. సగటు దాదాపు 2.07 శాతం. ఇప్పుడు కస్టమర్లకు చెప్పాల్సిన రేటు రెండు శాతమే. కంపెనీ కార్డుకు మూడు పోతోంది కదా అని అందరికీ మూడు పెడితే, మామూలు కార్డు వాడే వారందరి దగ్గరా ఖర్చు కంటే ఎక్కువ తీసుకున్నట్టే.

జీఎస్టీతో అసలు లెక్క

ఇక్కడ చాలా షాపులు ‘మాకు 2.36 శాతం పోతుంది’ అంటాయి. రెండు శాతం ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 2.36. సెటిల్‌మెంట్‌లో తగ్గేది అంతే, నిజమే. కానీ మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, మామూలు పద్ధతిలో పన్ను కడుతుంటే, ఆ 0.36 ఇన్‌పుట్ క్రెడిట్‌గా మీకే తిరిగి వస్తుంది. అసలు ఖర్చు రెండు శాతమే.

దీనికి రెండో వైపు కూడా చూడాలి. మీరు తీసుకునే సర్‌ఛార్జి విడిగా నిలబడే డబ్బు కాదు. జీఎస్టీ చట్టం ప్రకారం అమ్మకానికి సంబంధించి కొనేవారి నుంచి తీసుకునే ఇలాంటి అదనపు ఖర్చులు సరుకు విలువలోకే వస్తాయి. కాబట్టి సరుకు మీద ఉన్న పన్ను రేటే సర్‌ఛార్జికీ వర్తిస్తుంది. కంప్యూటర్ మీద 18 శాతం కనుక సర్‌ఛార్జి మీదా 18 శాతం కట్టాలి.

మూడో సంగతి, గేట్‌వే తన శాతాన్ని సర్‌ఛార్జి కలిపిన మొత్తం మీద తీసుకుంటుంది. అందుకే 60,000కు సరిగ్గా రెండు శాతం కలిపితే ఖర్చు పూర్తిగా రాదు. ఈ మూడింటినీ కలిపిన సూత్రం ఇది. A2లో సరుకు ధర, B2లో గేట్‌వే రేటు, C2లో సరుకు మీద జీఎస్టీ రేటు వేసుకోండి.

```
=ROUNDDOWN(A2/(1-B2*(1+C2))-A2,0)
```

మన డెస్క్‌టాప్‌కు A2 60000, B2 0.02, C2 0.18. జవాబు 1,450. అంటే కస్టమర్ కట్టేది 61,450. గేట్‌వే అందులో రెండు శాతం, 1,229 తీసుకుంటుంది. దాని మీద జీఎస్టీ 221.22. మీ బ్యాంకులో పడేది దాదాపు 60,000. ఇటు సర్‌ఛార్జి 1,450లో ఉన్న జీఎస్టీ 221 మీరు ప్రభుత్వానికి కట్టాలి, అటు గేట్‌వే బిల్లు మీద అంతే క్రెడిట్ వస్తుంది. రెండూ చెల్లు.

అదే షాపు 18 శాతం సరుకు కాకుండా 5 శాతం జీఎస్టీ ఉన్న చీరలు అమ్ముతుంటే? 60,000 పెళ్లి చీరల బిల్లుకు C2లో 0.05 వేస్తే జవాబు 1,287. ఆ షాపు తెలియక 1,450 తీసుకుంటే, సర్‌ఛార్జి మీద కట్టే పన్ను 69 రూపాయలు, వచ్చే క్రెడిట్ 221 రూపాయలు. ఆ తేడా, అంటే 152 రూపాయల వరకు, షాపు లాభం. మోసం చేయాలన్న ఉద్దేశం లేకుండానే మూడో షరతు తప్పినట్టవుతుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేనివారికీ, కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవారికీ క్రెడిట్ రాదు కనుక వారికి 2.36 పూర్తిగా ఖర్చే. వారు C2లో 0.18 వేసుకుంటే సరిపోతుంది. కాంపోజిషన్‌లో ఉన్నవారికి ఈ సర్‌ఛార్జి కూడా టర్నోవరులోకే వస్తుందని గుర్తుంచుకోవాలి.

ఇదంతా గరిష్ఠ పరిమితి లెక్క. ఇంతకు మించి తీసుకోకూడదన్నమాట. ఇంతే తీసుకోవాలని కాదు. కస్టమర్‌కు ‘రెండు శాతం, అన్నీ కలిపి 1,200’ అని చెబితే నోటితో లెక్కేసుకోగలడు. ‘1,450’ అంటే రెండు శాతం అంటున్నారు, ఇదెక్కడి అంకె అని అడుగుతాడు, మీ కౌంటర్ కుర్రాడు ఇదంతా వివరించలేడు. 1,200 తీసుకుంటే క్రెడిట్ సర్దుబాటు పోను షాపుకు 207 రూపాయలు తగ్గుతుంది. 60,000 బిల్లు మీద ఆ 207 వదులుకుని, సర్‌ఛార్జిలో ఒక్క రూపాయి లాభం లేదని ధైర్యంగా చెప్పగలగడం మేలని నా అభిప్రాయం. మార్జిన్ మరీ సన్నగా ఉండి 1,450 తీసుకోక తప్పని షాపైతే శాతం చెప్పడం మానేసి, ప్రతి బిల్లుకూ రూపాయల్లోనే చెప్పాలి.

ఎమ్మార్పీ గీత

ప్యాకెట్ మీద ఎమ్మార్పీ ముద్రించిన సరుకును దానికంటే ఎక్కువకు అమ్మడం లీగల్ మెట్రాలజీ నిబంధనల ప్రకారం నేరం. కీబోర్డు మీద ఎమ్మార్పీ 1,999 ఉండి, మీరు అదే ధరకు అమ్ముతూ కార్డుకు రెండు శాతం కలిపితే బిల్లు 2,039 అవుతుంది. ‘అది కార్డు ఛార్జీ, సరుకు ధర కాదు’ అన్న వాదన మీద ఆధారపడకండి. సరుకు ధర, సర్‌ఛార్జి కలిపి ఎమ్మార్పీ దాటకూడదని సాఫ్ట్‌వేర్‌లోనే ఆంక్ష పెట్టండి. దాటే చోట సర్‌ఛార్జి తగ్గించండి లేదా తీసేయండి. గ్రాఫిక్స్ కార్డులు, మానిటర్ల వంటివి ఎమ్మార్పీకి చాలా కిందే అమ్ముడవుతాయి కాబట్టి అక్కడ ఇబ్బంది రాదు. కేబుళ్లు, మౌసుల వంటి చిన్న సామాను దగ్గరే వస్తుంది. ఐదు వేల లోపు బిల్లుకు అసలు సర్‌ఛార్జే వద్దని నిర్ణయించుకుంటే ఈ తలనొప్పిలో చాలా భాగం పోతుంది. అలాంటి బిల్లు మీద పోయేది వంద రూపాయల లోపే.

చెప్పడం: ఎక్కడ, ఎప్పుడు, ఏ మాటల్లో

ధరలో ఒక భాగాన్ని ముందు దాచి, కొనుగోలు మధ్యలో బయటపెట్టడాన్ని డ్రిప్ ప్రైసింగ్ అంటారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో నిషేధించిన 13 పద్ధతుల్లో అదొకటి. అంతకుముందే 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు మొత్తం ధరను ఒకే అంకెగా, అందులో ఏ ఛార్జీ ఎంతో విడగొట్టి చూపమన్నాయి. కాబట్టి ముందే చెప్పడం మర్యాద మాత్రమే కాదు, బాధ్యత కూడా.

తొలిసారి చెప్పాల్సింది ధర కనిపించిన చోటే. వెబ్‌సైటులో 60,000 అని ఉన్న లైనుకు సరిగ్గా కిందే, అదే రంగులో, చదవగలిగే సైజులో ఇలా రాయండి:

‘యూపీఐ, డెబిట్ కార్డు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్: ₹60,000. క్రెడిట్ కార్డు: ₹61,200 (గేట్‌వే ఛార్జీ ₹1,200 కలిపి).’

ఇందులో శాతం లేదు, రెండు పూర్తి మొత్తాలున్నాయి. శాతం చూసి లెక్కేసుకోవడం కస్టమర్ పని కాదు. అదనం లేని దారి ముందు, అదనం ఉన్నది తర్వాత రాశాం. దానికి పెట్టిన పేరు కూడా ముఖ్యమే. ‘కన్వీనియన్స్ ఫీజు’ అంటే ఎవరి సౌకర్యానికో తెలియదు. ‘బ్యాంకు ఛార్జీ’ అంటే బ్యాంకే నేరుగా వేసిందనుకుంటారు, వాళ్ల బ్యాంకుకు ఫోన్ చేస్తారు, అక్కడ ‘మేమేమీ వేయలేదు’ అంటారు, మీరు అబద్ధం చెప్పినట్టవుతుంది. ‘ట్యాక్స్’ అన్న మాట అసలే వద్దు. ‘క్రెడిట్ కార్డు గేట్‌వే ఛార్జీ’ అనండి, అది ఉన్నదున్నట్టు చెప్పిన మాట.

పద్ధతిని బట్టి అదనం మారడం మనవాళ్లకు కొత్తేమీ కాదు. ఐఆర్‌సీటీసీ 2019 సెప్టెంబరు నుంచి తీసుకుంటున్న కన్వీనియన్స్ ఫీజు యూపీఐతో కడితే నాన్ ఏసీకి 10, ఏసీకి 20 రూపాయలు. కార్డులాంటి మిగతా పద్ధతులకు 15, 30. దాని మీద జీఎస్టీ అదనం. అక్కడ యూపీఐకి కూడా ఫీజు ఉంది కనుక మన పద్ధతి దానికి నకలు కాదు. కానీ టికెట్ బుక్ చేసుకునే మనిషికి ‘ఇలా కడితే ఇంత, అలా కడితే ఇంత’ అన్నది అలవాటైన సంగతే. అంకె ముందే కనిపిస్తే గొడవపడరు.

వాట్సాప్ కొటేషన్ల దగ్గర అసలైన జాగ్రత్త కావాలి. ఇలాంటి షాపుల్లో సగం బేరం అక్కడే జరుగుతుంది, ధర చెప్పింది ఒకరు, పేమెంట్ లింక్ పంపింది ఇంకొకరు అవుతారు. కొటేషన్ మెసేజ్‌లోనే ఈ మాటలు ఉండాలి:

‘సార్, మీరడిగిన సిస్టమ్ జీఎస్టీతో కలిపి ₹60,000. యూపీఐ, డెబిట్ కార్డు, నెఫ్ట్ దేనితో కట్టినా ఇంతే. క్రెడిట్ కార్డు అయితే గేట్‌వే ఛార్జీ ₹1,200 కలిపి ₹61,200 అవుతుంది. మా వైపు నుంచి ఆర్డర్ క్యాన్సిల్ అయితే ఆ 1,200 కూడా తిరిగి ఇస్తాం. దేనితో కడతారో చెప్పండి, ఆ లింకే పంపిస్తాను.’

చివరి వాక్యం తీసేయకండి. కస్టమర్ తన నోటితో చెప్పాకే లింక్ వెళుతుంది, తర్వాత ‘నాకు చెప్పలేదు’ అన్న మాట రాదు.

ఫోన్‌లో అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. ‘ఏంటన్నా, పక్క షాపులో కార్డుకి ఏమీ తీసుకోవట్లేదుగా?’ దీనికి కౌంటర్‌లో ఉన్న కుర్రాడు పక్క షాపు ధర గురించి వాదనకు దిగకూడదు. ‘అవునన్నా, కొందరు ధరలోనే కలిపేస్తారు. మేం విడిగా చూపిస్తున్నాం. యూపీఐలో కడితే మీకు ఆ పన్నెండొందలు ఉండదు’ అంటే చాలు. యూపీఐలో ఒకేసారి లక్ష దాటదని ఎవరైనా అంటే నెఫ్ట్ చెప్పండి. పొదుపు ఖాతా నుంచి ఆన్‌లైన్‌లో చేసే నెఫ్ట్‌కు 2020 జనవరి నుంచి బ్యాంకులు ఛార్జీ తీసుకోవడం లేదు.

ఇప్పటికే కొటేషన్ ఇచ్చిన వారికి పాత ధరే ఉంచండి. పాత కస్టమర్ల గ్రూపులో మొదలయ్యే తేదీకి కనీసం రెండు వారాల ముందు చెప్పండి. ఆ మెసేజ్‌లో ఏ తేదీ నుంచి, దేనికి మాత్రమే, ఎంత, తప్పించుకునే దారి ఏమిటి, ఈ నాలుగూ ఉంటే చాలు. ‘పెరుగుతున్న నిర్వహణ వ్యయాల దృష్ట్యా’ లాంటి పీఠికలు అవసరం లేదు.

చెకౌట్‌లో డెబిట్, క్రెడిట్ వేరు చేయడం

సాంకేతికంగా జారేది ఇక్కడే. గేట్‌వే పేజీలో ‘కార్డు’ అన్న బటన్ ఒకటే ఉంటుంది. కస్టమర్ నంబరు కొట్టే వరకు అది డెబిటా క్రెడిటా మీ సైటుకు తెలియదు. ‘కార్డు’ ఎంచుకోగానే 1,200 కలిపేసే సైటు డెబిట్ కార్డు వారి దగ్గర కూడా తీసుకున్నట్టే.

గేట్‌వే పేజీకి పంపక ముందే మీ సైటులో రెండు ఎంపికలు చూపించండి. మొదటిది యూపీఐ, డెబిట్ కార్డు, నెట్ బ్యాంకింగ్, 60,000. రెండోది క్రెడిట్ కార్డు, 61,200. దేనికీ ముందుగా టిక్ పెట్టి ఉంచకండి. ఎంచుకున్నదాన్ని బట్టి వేర్వేరు మొత్తాలతో ఆర్డర్ తయారుచేసి, గేట్‌వే పేజీలో ఆ పద్ధతులు మాత్రమే కనిపించేలా పెట్టండి.

అయినా ఒకరిద్దరు క్రెడిట్ అని ఎంచుకుని డెబిట్ కార్డు వాడతారు. డబ్బు వచ్చాక గేట్‌వే పంపే సమాచారంలో కార్డు రకం ఉంటుంది. అది డెబిట్ అయితే ఆ 1,200ను, కస్టమర్ అడగక ముందే, వెంటనే వెనక్కి పంపండి. ‘మీరు వాడింది డెబిట్ కార్డు, దానికి ఛార్జీ లేదు, ₹1,200 వెనక్కి పంపాం’ అని మెసేజ్ పెట్టండి. అటునుంచి, డెబిట్ ఎంపికలో వెళ్లి క్రెడిట్ కార్డు వాడినవారి వెంట పడకండి, ఆ నష్టం షాపుదే.

ప్రారంభించే ముందు మీరే మీ డెబిట్ కార్డుతో, క్రెడిట్ కార్డుతో, యూపీఐతో ఒక్కొక్క ఆర్డర్ చిన్న ఫోన్ స్క్రీన్ మీద పెట్టి చూడండి. ఛార్జీ లైను స్క్రోల్ చేస్తే గానీ కనిపించకపోతే దాన్ని పైకి తీసుకురండి.

బిల్లు, రిఫండ్

ఇన్‌వాయిస్‌లో సర్‌ఛార్జి విడి లైనుగా ఉండాలి. డెస్క్‌టాప్ 60,000, దాని కింద క్రెడిట్ కార్డు గేట్‌వే ఛార్జీ 1,200, రెండింటికీ ఒకే పన్ను రేటు, చివర 61,200. సరుకు ధరలో కలిపేస్తే వారంటీ క్లెయిమ్ దగ్గరో రిఫండ్ దగ్గరో ఎంతకు కొన్నారన్న ప్రశ్న వస్తుంది. గేట్‌వే తన సెట్టింగ్ ద్వారా ఫీజును నేరుగా తీసుకుంటుంటే, మెయిల్‌లో వచ్చిన నాలుగో ప్రశ్న జవాబు ప్రకారం మీ ఆడిటర్‌తో మాట్లాడి బిల్లు రూపం ఖాయం చేసుకోండి.

రిఫండ్ దగ్గరే నిజమైన గొడవలు వస్తాయి. మీరు డబ్బు వెనక్కి ఇచ్చినా గేట్‌వే తన ఫీజు సాధారణంగా వెనక్కి ఇవ్వదు. ఆ 1,200 ఎవరు మోయాలి? సరుకు లేకపోయినా, పాడైనది వచ్చినా, ఆలస్యమై కస్టమర్ వద్దనుకున్నా, తప్పు షాపు వైపుది కనుక మొత్తం 61,200 ఇవ్వాలి. కస్టమర్ మనసు మార్చుకున్న సందర్భంలో ఛార్జీ ఉంచుకోవచ్చు గానీ, అది కొనకముందే, ఛార్జీ రాసిన చోటే చెప్పి ఉండాలి. రిఫండ్ పాలసీ పేజీలో పన్నెండో పాయింటుగా కాదు. కొంత సరుకే వెనక్కి వస్తే దాని ధర నిష్పత్తిలో ఛార్జీ కూడా ఇవ్వండి. 15,000 మానిటర్ ఒక్కటే తిరిగి వస్తే 300 కలిపి 15,300. కట్టిన కార్డుకే తిరిగి పంపాలి, జీఎస్టీ కోసం క్రెడిట్ నోటు రాయాలి.

నెల నెలా చూసుకోవాల్సింది

నెలాఖరున రెండు అంకెలు పక్కపక్కన పెట్టండి. కస్టమర్ల నుంచి వచ్చిన సర్‌ఛార్జి, జీఎస్టీ తీసేసి, ఒకటి. క్రెడిట్ కార్డుల మీద గేట్‌వే తీసుకున్న ఫీజు, జీఎస్టీ తీసేసి, రెండోది. రిజిస్ట్రేషన్ లేనివారు, కాంపోజిషన్ వారు రెండింటినీ జీఎస్టీ తీయకుండానే పోల్చాలి. మొదటిది ఎప్పుడూ రెండోదానికంటే తక్కువో సమానమో ఉండాలి. ఎక్కువైందంటే ఎక్కడో డెబిట్ కార్డుల మీద పడుతోంది, లేదా గేట్‌వే మీకు రేటు తగ్గించింది, మీరు తగ్గించలేదు. రిపోర్టులో కార్డు రకం వడపోస్తే ఏదో తెలిసిపోతుంది.

అలాగే మొదలుపెట్టక ముందు, పెట్టాక ఎంతమంది పేమెంటు పేజీ దాకా వచ్చి వెనక్కి పోతున్నారో పోల్చండి. ధర పేజీలోనే ఛార్జీ చూసి వెళ్లిపోయినవారు వేరు, చివరి పేజీలో వెళ్లిపోయినవారు వేరు. చివరి పేజీలో పెరిగితే మీరు రాసింది ముందు పేజీలో కనిపించడం లేదన్నమాట. ‘ఈ పన్నెండొందలు దేనికి?’ అన్న ఫోన్లు పేమెంటు అయ్యాక వస్తుంటే కూడా కారణం అదే. అప్పుడు రేటు కాదు, రాసిన చోటు మార్చాలి.

క్రెడిట్ కార్డుల వాడకం పెరిగి మీ లావాదేవీల విలువ పెరిగితే గేట్‌వేతో రేటు బేరమాడండి. రెండు నుంచి 1.8కి దిగితే, అదే తేదీ నుంచి 60,000 డెస్క్‌టాప్ మీద ఛార్జీ 1,080కి మార్చి, ధర కింద ఉన్న లైనులోనూ కొటేషన్ మెసేజ్‌లోనూ ఆ అంకె సరిచేయండి.